‘కేటాయింపు’ అంటే డబ్బు పక్కన పెట్టినట్టేనా?

అనువాదకురాలు: ఒక కంపెనీ వార్షిక నివేదికను తెలుగు చేస్తున్నాను. ప్రొవిజన్‌కి పత్రికలు వాడే ‘కేటాయింపు’ పెట్టాను. లెక్కల వెనక ఇచ్చే నోట్స్‌లో కంటింజెంట్ లయబిలిటీస్, అంటే రావచ్చో రాకపోవచ్చో తేలని బాధ్యతల కింద ‘అప్పుగా ఒప్పుకోని క్లెయిములు’ అని ఇంకో పద్దు ఉంది. రెండూ రేపు కట్టాల్సి రావచ్చనే డబ్బే కదా? మరి ఒకటి బ్యాలెన్స్ షీట్‌లోకి ఎక్కి, రెండోది నోట్స్‌లోనే ఎందుకు ఆగిపోయింది?

సీఏ విద్యార్థి: మొత్తం కచ్చితంగా తెలిస్తే బ్యాలెన్స్ షీట్, తెలియకపోతే నోట్స్ అండి. మేం అలాగే గుర్తుపెట్టుకున్నాం.

ఆడిటర్: సగమే నిజం బాబూ. కచ్చితంగా తెలిస్తే అది ప్రొవిజన్ ఎందుకవుతుంది, మామూలు బాకీ అవుతుంది. పదివేల ఫ్యాన్లు వారంటీతో అమ్మిన కంపెనీకి ఏ ఫ్యాన్ చెడిపోతుందో తెలియదు. కానీ పాత అనుభవాన్ని బట్టి నూటికి అయిదు వెనక్కి వస్తాయని, రిపేరుకు తలా 400 అవుతుందని తెలుసు. అంటే 500 ఫ్యాన్లకు 2 లక్షలు. అమ్మిన రోజే ఆ బాధ్యత పుట్టేసింది, డబ్బు పోయే అవకాశమే ఎక్కువ, అంచనా కూడా నమ్మదగ్గదే. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి 2 లక్షలు ఈ ఏడాది ఖర్చులోకి వస్తాయి, లాభం అంత తగ్గుతుంది. వీటిలో ఏది లేకపోయినా నోట్స్‌కే పరిమితం. డబ్బు పోయే అవకాశం మరీ తక్కువైతే నోట్స్‌లో కూడా రాయక్కర్లేదు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి: మా బ్రాంచిలో మొండి బాకీలకు ప్రొవిజన్ చేసేవాళ్లం. అక్కడ ఏ బాధ్యతా లేదు, మాకే అవతలివాళ్లు బాకీ! మీరు చెప్పేది దానికి ఎలా సరిపోతుంది?

ఆడిటర్: సరిపోదు సార్, పేరు ఒకటే గానీ అది వేరే సరుకు. మీది రావాల్సిన అప్పు విలువను తగ్గించుకోవడం, ఇది మనం కట్టాల్సింది. ఇంకో మాట, రెండింటిలోనూ నగదు ఎక్కడా పక్కన పెట్టరు. ‘కేటాయింపు’ అనగానే బీరువాలో వేరే కట్ట ఉందనుకుంటారు చాలామంది.

అనువాదకురాలు: మరి కోర్టు కేసు సంగతి? 2 కోట్ల దావాలో ఓడిపోయే అవకాశం 40 శాతం అని లాయరు చెబితే 80 లక్షలు రాయొచ్చా?

ఆడిటర్: వద్దు. ఒక్క కేసులో 80 లక్షలు కట్టే రోజు రాదు. కడితే 2 కోట్లు, లేకపోతే సున్నా. 40 శాతమే అయితే బ్యాలెన్స్ షీట్‌లో ఏమీ ఉండదు, నోట్స్‌లో 2 కోట్ల దావా సంగతి ఉంటుంది. అదే 60 అయితే మొత్తం 2 కోట్లూ పైకి, అంటే బ్యాలెన్స్ షీట్‌లోకి వచ్చేస్తాయి. సగటు లెక్క ఫ్యాన్ల లాంటి గుంపులకే.

సీఏ విద్యార్థి: భయం ఉన్న ప్రతిదీ పైన రాసేస్తే జాగ్రత్తగా ఉన్నట్టే కదండీ?

ఆడిటర్: అక్కడే ఆట మొదలవుతుంది. లాభం బాగున్న ఏడాది పెద్ద ప్రొవిజన్ చేసి, బాగాలేని ఏడాది ‘అవసరం లేకపోయింది’ అని వెనక్కి తీసి లాభంగా చూపిస్తారు. లేని అప్పును చూపించడం కూడా తప్పు లెక్కే.

అలాగని నోట్స్ చదవకుండా వదిలేస్తే ఏమవుతుందో టెలికాం కంపెనీల ఏజీఆర్, అంటే సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం మీది బకాయిల్లో చూశాం. ఏ ఆదాయం మీద ప్రభుత్వానికి వాటా కట్టాలన్న గొడవ ఏళ్లపాటు నడిచింది. 2015లో టెలికాం ట్రిబ్యునల్ చాలావరకు కంపెనీల వైపే మొగ్గింది, కాబట్టి ఆ బకాయిల్లో చాలావరకు నోట్స్‌లోనే ఉండిపోయాయి. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపు తీర్పు ఇచ్చింది. ఆ సెప్టెంబర్ త్రైమాసికానికి వొడాఫోన్ ఐడియా 50,921 కోట్లు, ఎయిర్‌టెల్ 23,045 కోట్లు నష్టం చూపించాయి. అందులో పెద్ద భాగం ఈ తీర్పు బరువే.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి: తీర్పు అక్టోబర్‌లో, లెక్క సెప్టెంబర్‌ది. ఎలా కుదిరింది?

ఆడిటర్: ఫలితాలకు బోర్డు ఆమోదం నవంబర్‌లో వచ్చింది. బాధ్యత పాత సంవత్సరాలదే, కోర్టు దాన్ని ఖాయం చేసింది. అందుకే సెప్టెంబర్ లెక్కనే సరిదిద్దాలి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి: అయితే 2 కోట్లు పైన రాస్తే, అవతలి లాయరు ‘మీరే ఓడిపోతామని రాసుకున్నారు’ అనడా?

ఆడిటర్: అంటాడు. నిజంగా కేసు దెబ్బతినేలా ఉంటే, బహు అరుదుగా, వివరాలు దాచుకోవడానికి ప్రొవిజన్ల మీద ఉన్న భారత అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 37 ఒప్పుకుంటుంది. అప్పుడు కూడా గొడవ దేని గురించో, వివరాలు ఎందుకు చెప్పడం లేదో రాయాలి. అంకె మాత్రం లెక్కల్లో ఉండి తీరాలి, చాలామంది ఇతర ప్రొవిజన్లలో కలిపేస్తారు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి: కలిపేస్తే చదివేవాడికి ఇక తెలిసేదేముంది? నాకు ఒప్పుదల కావడం లేదు.

అనువాదకురాలు: నేనైతే ‘కేటాయింపు’ తీసేసి ‘ప్రొవిజన్’ అనే ఉంచేస్తున్నా. ‘అప్పుగా ఒప్పుకోని క్లెయిములు’ మాత్రం మార్చను, కంపెనీ వైఖరి అందులోనే ఉంది.