బ్లాక్ తీశాక పాత వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయా?

గోదారిగట్టు
ఇంటి ఓనర్ నంబర్‌ని మంగళవారం సాయంత్రం రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేశాను. ఈ రోజు గురువారం, బ్లాక్ తీశాను. పాత చాట్ మొత్తం మాయం. అడ్వాన్స్ రసీదు ఫొటో అందులోనే ఉంది. ఈ రెండు రోజుల్లో ఆయన పంపినవీ రాలేదు. రెండూ తిరిగొస్తాయా? నాది ఆండ్రాయిడ్.

హన్మకొండ వాసి
వస్తయ్ అన్నా. నాకు బ్లాక్ తీయంగనే మధ్యల పంపినయన్నీ కనవడ్డయ్. జర ఆగు.

నెట్‌వర్క్ నాని
అవును, డెలివరీ కాని మెసేజ్‌ని సర్వర్ 30 రోజులు ఉంచుతుంది. ఆలోగా బ్లాక్ తీస్తే చాలు. ఈ లైన్‌లో పదేళ్ల నుంచి ఉన్నా, నమ్మండి.

సర్వీస్ సెంటర్ శ్రీను
నాని గారూ, ఆ 30 రోజులు ఫోన్ ఆఫ్‌లోనో నెట్ లేకుండానో ఉన్నవాళ్లకి. బ్లాక్‌లో ఉండగా పంపినవి తర్వాత కూడా చేరవు. వాట్సాప్ సహాయం పేజీలో కూడా అదే రాసి ఉంది.

నెట్‌వర్క్ నాని
రెండింటికీ ఒకటే టిక్ కదండీ పడేది? తేడా ఎక్కడుంది?

సర్వీస్ సెంటర్ శ్రీను
పంపినవాడికి తేడా తెలియకూడదనే అలా పెట్టారు. రెండు ఫోన్లు తీసుకోండి. ఒకదాంట్లో రెండోదాన్ని బ్లాక్ చేసి, రెండోదాన్నుంచి మూడు మెసేజ్‌లు పంపండి. బ్లాక్ తీసి నాలుగోది పంపండి. నాలుగోదానికి రెండు టిక్‌లు పడతాయి, మొదటి మూడూ ఒకే టిక్‌తో అలాగే ఉండిపోతాయి. చూడకుండా వాదించకండి.

హన్మకొండ తమ్ముడూ, నువ్వు చూసింది మామూలు ఎస్సెమ్మెస్ అయ్యుంటుంది. గూగుల్ మెసేజెస్‌లో బ్లాక్ చేసిన నంబర్ మెసేజ్‌లు `Spam & blocked` అనే ఫోల్డర్‌లోకి పోతాయి. బ్లాక్ తీస్తే మళ్లీ బయటికి వస్తాయి.

హన్మకొండ వాసి
ఆ, ఎస్సెమ్మెస్సే. అయినా బ్లాకంటే బ్లాకే గదా, ఒక్కో యాప్‌ల ఒక్కో తీరు ఎందుకు పెడ్తరు?

పద్మ_విజయవాడ
అసలు పాత చాట్ సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఉత్తి బ్లాక్ పాత మెసేజ్‌లని ముట్టుకోదు, రెండు ఫోన్లలోనూ ఉంటాయి. రిపోర్ట్ కొట్టేటప్పుడు బ్లాక్‌తో పాటు చాట్ కూడా తీసేయమనే గడి ఒకటి ఉంటుంది. గోదారిగట్టు గారూ, మీరు దానికి టిక్ ఉంచినట్టున్నారు. అలా తీసేసింది బ్లాక్ ఎత్తేసినంత మాత్రాన రాదు.

ముందు ఫైల్ మేనేజర్‌లో `Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Images` తెరిచి రసీదు ఫొటో ఉందేమో చూడండి. ఓనర్ ఫోన్‌లో చాట్ ఆయన తీసేయకపోతే అలాగే ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ చేసి పంపమనడం అన్నిటికన్నా తేలిక.

గోదారిగట్టు
ఫొటో అక్కడ లేదండీ. రిపోర్ట్ కొట్టినవాడిని ఓనర్‌ని ఏ మొహంతో అడగను? డ్రైవ్ బ్యాకప్ రోజూ అవుతుంది, అందులోంచి తెచ్చుకోవచ్చా?

సర్వీస్ సెంటర్ శ్రీను
డ్రైవ్‌లో చివరిది ఒక్కటే ఉంటుంది. మంగళవారం తర్వాత ఒక్కసారి బ్యాకప్ అయినా అందులో ఆ చాట్ ఉండదు. మీకు పనికొచ్చేవి ఫోన్‌లోపలి కాపీలు. రోజూ తెల్లవారుజామున 2 గంటలకి ఒకటి తయారవుతుంది, గరిష్ఠంగా ఏడు రోజులవి ఉంటాయి. మీకింకా టైముంది.

`Android/media/com.whatsapp/WhatsApp` ఫోల్డర్ మొత్తాన్ని ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. యాప్ తీసేస్తే ఆ ఫోల్డర్ కూడా పోవచ్చు, చాలామంది మునిగేది ఇక్కడే. అందులోని `Databases`లో మంగళవారం తెల్లవారుజామున తయారైన ఫైలు వెతకండి. పేరులోని తేదీని నమ్మకుండా ఫైలు సమయం చూడండి. ఇప్పుడున్న `msgstore.db.crypt14`ని పక్కకు తీసి, దొరికిన ఫైలు పేరు ఇలా మార్చండి:

```
msgstore-2025-03-11.1.db.crypt14
msgstore.db.crypt14
```

మీ దాంట్లో crypt15 ఉంటే ఆ అంకె అలాగే ఉంచండి. తర్వాత వాట్సాప్ తీసేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, తెరవకముందే ఫోల్డర్‌ని అదే చోట పెట్టండి. డ్రైవ్ కాపీ అడ్డురాకుండా ఫోన్‌లోంచి గూగుల్ ఖాతా కాసేపు తీసేయండి. అదే నంబర్‌తో తెరిస్తే రీస్టోర్ అడుగుతుంది.

పద్మ_విజయవాడ
శ్రీను గారూ, ఒక మాట వదిలేశారు. అలా చేస్తే మంగళవారం నుంచి ఈ రోజు దాకా అన్ని చాట్లలో వచ్చినవీ పోతాయి. ముఖ్యమైనవి ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోమనండి. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే టైమర్ పెట్టి ఉందా అన్నదీ ముందు కనుక్కోవాలి.

నెట్‌వర్క్ నాని
రెండు ఫోన్లతో చేసి చూశాను. మూడూ ఒకే టిక్. సరే, శ్రీను గారి మాటే నిజం. కానీ బ్లాక్‌లో ఉండగా అవతలివాళ్లు పాత మెసేజ్‌ని అందరికీ డిలీట్ కొడితే మన ఫోన్‌లో పోతుందా?

గోదారిగట్టు
సోమవారం అర్ధరాత్రి దాటాక 2:04కి తయారైన ఫైలు ఉంది! కాపీ అవుతోంది. టైమర్ పెట్టలేదు పద్మ గారూ.