హంతకుడెవరో తెలిసిపోయాక డిటెక్టివ్ ఏం చేస్తాడు?

చివరి పేజీ: డిటెక్టివ్ కథ చదివేటప్పుడు నేను ఆధారాలు మాత్రమే వెతుకుతాను. డిటెక్టివ్‌ని మంచిచెడ్డలు తూచే మనిషిగా కూడా చదవాలని నా స్నేహితురాలు గట్టిగా అంటోంది. కథలో నిజంగా అంత ఉందా, లేక మనమే తగిలిస్తున్నామా?

పాత సంచిక: ఉంది. ఎక్కడ వెతకాలో చెబుతాను. హంతకుడెవరో డిటెక్టివ్‌కి తెలిసిన క్షణానికీ, ఆ మాట పోలీసులకు చెప్పే క్షణానికీ మధ్య ఎంత కథ నడిచిందో చూడండి. హోమ్స్ కథ 'అబ్బీ గ్రేంజ్' (1904) తీసుకుందాం. ముగింపు చెప్పేస్తున్నాను, చదవనివాళ్లు ఇక్కడే ఆగండి.

సర్ యూస్టస్ అనే ధనవంతుడు ఇంట్లోనే తల పగిలి చచ్చిపడి ఉంటాడు. ముగ్గురు దొంగలు వచ్చారని, తనను గంట తాడుతో కుర్చీకి కట్టేసి, వైన్ తాగి పోయారని భార్య చెబుతుంది. హోమ్స్ ఆ మాట నమ్మి తిరుగు రైలెక్కేస్తాడు. కానీ మూడు వైన్ గ్లాసులు అతని మనసులో నలుగుతూనే ఉంటాయి. ఒక్క గ్లాసులోనే మడ్డి ఉంది, మిగతా రెంటిలో లేదు. అంటే తాగింది ఇద్దరే. మూడో మనిషి ఉన్నట్టు కనిపించాలని రెండు గ్లాసుల అడుగు మడ్డిని మూడోదాంట్లో ఒంపారు. దారిలో ఒక స్టేషన్‌లో రైలు దిగి వెనక్కి వెళతాడు. తాడు తెగిన చోటు, ముడులు వేసిన తీరు చూసి ఇది నావికుడి పని అని తేల్చుకుంటాడు. చిక్కు అక్కడికి దాదాపు విడిపోయినట్టే.

అయినా ఇన్‌స్పెక్టర్ హాప్కిన్స్‌కి పేరు చెప్పడు. వాట్సన్‌తో ఒక మాట అంటాడు: నేరంతో నేరస్థుడు చేసిన కీడు కంటే, అతన్ని పట్టిచ్చి తాను చేసిన కీడే ఎక్కువని ఒకటి రెండుసార్లు అనిపించిందని. అందుకే ఇంకాస్త తెలుసుకున్నాకే అడుగు వేద్దామంటాడు. నావికుడు క్రోకర్‌ని పిలిపించి జరిగిందంతా చెప్పిస్తాడు. భర్త ఆమె ముఖాన కర్రతో కొట్టాడని, తన మీదికీ వచ్చాడని, చేతికందిన ఇనప చువ్వతో తాను కొట్టానని అతను చెబుతాడు. అప్పుడు హోమ్స్, ఇరవై నాలుగు గంటల్లో పారిపో, నేను అడ్డుపడను అంటాడు. క్రోకర్‌కి కోపం నషాళానికెక్కుతుంది. తాను పోతే ఆమెను సహనేరస్థురాలిగా పట్టుకుంటారు కదా, ఆమెను ఒంటరిగా వదిలేస్తానా అంటాడు. నిన్ను పరీక్షించడానికే అలా అన్నానంటాడు హోమ్స్.

నా వాదనంతా ఈ పరీక్ష మీదే నిలబడుతుంది. గ్లాసుల మడ్డిని పరీక్షించిన కన్నే ఇక్కడ మనిషిని పరీక్షిస్తోంది.

చిక్కుముడి: పాత సంచిక గారూ, ఒక మినహాయింపుని తెచ్చి అదే నియమం అంటున్నారు. చాలా నవలల్లో హంతకుడి పేరు చెప్పగానే పోలీసులు తీసుకెళతారు, పుస్తకం అయిపోతుంది. డిటెక్టివ్ మనస్సాక్షికి అక్కడ చోటే లేదు. పైగా ఈ కథలో త్రాసు ముల్లు ముందే ఒకవైపు వంగిపోయింది. చచ్చినవాడు పెళ్లాం కుక్క మీద పెట్రోలియం పోసి నిప్పంటించినవాడు. ఆమె చేతిలో హ్యాట్‌పిన్ గుచ్చినవాడు. అలాంటివాణ్ణి చంపినవాణ్ణి వదిలేయడానికి ఎంత నైతికత కావాలి? హోమ్స్‌కి చట్టమంటే లెక్క లేదు, అంతే.

సందేహాల బుట్ట: అసలు హోమ్స్ కొకైన్ తీసుకునేవాడు కదా? అతన్ని నీతిమంతుడని ఎలా అంటాం?

పాత సంచిక: సందేహాల బుట్ట గారూ, డిటెక్టివ్ అలవాట్లు మంచివా కాదా అన్నది వేరే చర్చ. ఇంకొకరి బతుకు తన చేతిలో పడ్డప్పుడు ఏం చేశాడన్నది ఇక్కడి విషయం.

చిక్కుముడి గారూ, త్రాసు వంగిందన్న మాట ఒప్పుకుంటాను. చట్టమంటే లెక్క లేదన్నది మాత్రం కథకి అతకదు. హాప్కిన్స్‌కి ఎందుకు చెప్పలేదో హోమ్సే వివరిస్తాడు. తనకు తెలిసింది అనధికారికం, కాబట్టి సొంతంగా ఆలోచించుకునే హక్కు తనకుంది. హాప్కిన్స్‌కి అది లేదు. తెలిసిందంతా బయటపెట్టకపోతే ఉద్యోగానికి ద్రోహం చేసినట్టే. ఆ ఇరకాటంలో అతన్ని పెట్టడం ఇష్టం లేక చెప్పలేదు. చట్టాన్ని లెక్కచేయనివాడు హాప్కిన్స్ ఉద్యోగధర్మం గురించి అంతలా ఎందుకు ఆలోచిస్తాడు?

లెక్కల మనిషి: ఇది చదువుతుంటే నా సంగతి గుర్తొచ్చింది. నేను ఆడిట్‌లో పనిచేశాను. ఒకచోట బిల్లులు దిద్దిన చేతిరాత ఎవరిదో రెండు రోజుల్లో కనిపెట్టాను. ఒకే మనిషి 7 అంకెకి అడ్డగీత పెట్టేవాడు. కనిపెట్టినప్పుడు భలే సంతోషపడ్డాను. అతను ఎందుకు చేశాడో తర్వాత తెలిసింది, పైవాళ్లే చేయించారు. అప్పటికే రిపోర్ట్‌లో అతని పేరు ఒక్కటే వెళ్లిపోయింది. ఉద్యోగం పోయింది అతనికే. నా జవాబు తప్పు కాదు, రాత అతనిదే. కానీ ఆ అడ్డగీత ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది. "ఇంకాస్త తెలుసుకున్నాకే" అన్న మాట అప్పుడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

చిక్కుముడి: మీ అనుభవానికి బాధగా ఉంది సార్. కానీ అది నా వైపే చెబుతోంది. మీరు వదిలేసి ఉంటే ఆ నేరం ఇంకొకరి మీద పడేది. కథల్లో అలా పడదు. 'అబ్బీ గ్రేంజ్'లో అనుమానమంతా ర్యాండల్ ముఠా మీద ఉంటుంది. సరిగ్గా సమయానికి వాళ్లు న్యూయార్క్‌లో అరెస్టయ్యారని కబురొస్తుంది. కాబట్టి ఇక్కడ ఎవరూ బలికారు. దయ చూపించినా డిటెక్టివ్‌కి పైసా ఖర్చు లేదు.

పాత సంచిక: ఇది మంచి పట్టు. అయితే రచయిత దాన్ని దాచలేదు. చట్టం ఇంకో బలిని వెతుక్కోనంత వరకే నా నుంచి నీకు భయం లేదని క్రోకర్‌తో హోమ్స్ స్పష్టంగా చెబుతాడు. అంటే వదిలేయడానికి షరతుంది. హోమ్స్ ఇంకో కథ 'బ్లూ కార్బంకిల్'లోనూ అంతే. అసలు దొంగ రైడర్ సాక్ష్యం చెప్పకపోతే, చేయని దొంగతనానికి జైల్లో ఉన్న హార్నర్ మీద కేసు నిలవదని చూసుకున్నాకే రైడర్‌ని వదులుతాడు.

ఖర్చు ఉన్న కథ కావాలంటే అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పొయిరో చివరి నవల 'కర్టెన్' (1975) చూడండి. అందులో నార్టన్ స్వయంగా ఎవర్నీ చంపడు, మాటలతో ఎగదోసి ఇతరుల చేత చంపిస్తాడు. ఏ కోర్టూ అతన్ని పట్టలేదు. చివరికి పొయిరోనే అతన్ని కాల్చి చంపుతాడు. తర్వాత తన గుండెజబ్బు మందు అందకుండా పక్కకి పెట్టేసి చనిపోతాడు. చేసింది న్యాయమో కాదో తనకు తెలియదని స్నేహితుడు హేస్టింగ్స్‌కి ఉత్తరం రాసి వెళతాడు. ఆ మనిషిని చిక్కులు విప్పేవాడిగా మాత్రమే చదివితే ఆ ఉత్తరం మనకెందుకో అర్థం కాదు.

చిక్కుముడి: 'కర్టెన్' విషయంలో ఒప్పుకుంటాను. అది నన్ను కూడా కుదిపేసింది. కానీ జీవితమంతా హత్యని ఒప్పుకోనన్న మనిషి చేత హత్య చేయించడం నాకు ఇప్పటికీ సరిగ్గా అనిపించదు. రచయిత్రి అక్కడ పాత్రని గెలిపించిందా, ఓడించిందా?

చివరి పేజీ: నిన్న రాత్రి 'అబ్బీ గ్రేంజ్' మళ్లీ చదివాను. గ్లాసుల దగ్గర కాదు, పరీక్ష దగ్గర ఆగిపోయాను. క్రోకర్ "సరే, పోతాను" అని ఉంటే హోమ్స్ ఏం చేసేవాడు? పారిపోతే నిజం బయటికి వస్తుందా అని క్రోకర్ అడిగితే, తప్పకుండా వస్తుందన్నాడు. అంటే ఆమెను పట్టించేవాడా? పాత సంచిక గారూ, దీనికి కథలో నాకైతే జవాబు దొరకలేదు.