‘సంకల్పం చెప్పండి’ అంటే ఏమి చెప్పాలి?

శ్రీకాకుళం సభ్యురాలు: అరసవల్లిలో పూజకు కూర్చుంటే అర్చకులు ‘సంకల్పం చెప్పండి’ అంటారు. తీరా అడిగేది గోత్రం, పేర్లు, నక్షత్రం. కోరిక ఏమిటని అడగరు. సంకల్పమంటే మనసులో గట్టిగా అనుకోవడం కదా?

బొబ్బిలి సభ్యుడు: గుడిలో గోత్రనామాలనే సంకల్పం అంటారండి. అంతకు మించి ఏమీ లేదు.

విజయనగరం మాస్టారు: అంతే అనకండి. సంకల్పం మొత్తం ఒకే ఒక్క పొడుగాటి వాక్యం. ‘శ్వేతవరాహకల్పే’ నుంచి మాసే, పక్షే, తిథౌ వరకు అన్నీ సప్తమీ విభక్తిలో, అంటే ఎప్పుడు, ఎక్కడ అన్నదానికి జవాబుగా నడుస్తాయి. తరువాత ‘గోత్రోద్భవస్య, నామధేయస్య’ అని ఎవరి కోసమో వస్తుంది. అర్చకులకు తెలియనిది ఆ ఒక్క ముక్కే కనుక అదే మిమ్మల్ని అడుగుతారు. కోరికకూ చోటుంది. ‘ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధ్యర్థం’ అంటున్నారే, అక్కడ. ప్రత్యేకంగా ఏదైనా ఉంటే ముందే చెప్పండి, ‘ఉద్యోగప్రాప్త్యర్థం’ అని కలుపుతారు. రద్దీ రోజున మాత్రం అంత తీరిక ఉండదు.

అసలు సంగతి చివరి మాటలో ఉంది. ఇంట్లో వ్రతానికి మనం ‘పూజాం కరిష్యే’ అని అక్షతలు, నీళ్లు పళ్లెంలో వదులుతాం. ‘కరిష్యే’ ఆత్మనేపదం, అంటే ఫలం చేసేవాడిదే అని చెప్పే క్రియారూపం. ఇతరుల కోసం చేసే అర్చకులు ‘కరిష్యామి’ అనాలి. పాణిని వ్యాకరణంలో ఇతరుల కోసం యజ్ఞం చేసే యాజకుడు ‘యజతి’, తన కోసం చేసుకునే యజమానుడు ‘యజతే’ అనే తేడా ఇదే. ఈసారి చెవి పెట్టి వినండి.

బొబ్బిలి సభ్యుడు: విన్నాను మాస్టారూ, మా గుడిలో ‘కరిష్యే’ అనే అంటారు. తప్పా?

విజయనగరం మాస్టారు: మీ చేత పలికిస్తూ అంటే తప్పు కాదు, అది మీ మాటే. మీరు ఊరుకుని ఆయనొక్కరే అంటే వ్యాకరణం ఒప్పుకోదు. అలవాటు ఒప్పుకుంటుంది!

పలాస సభ్యురాలు: మా అమ్మాయి అమెరికాలో ఉంది. తన పేరున ఇక్కడ పూజ చేయిస్తే అక్కడి తిథి చెప్పాలా?

విజయనగరం మాస్టారు: పూజ జరిగేది ఇక్కడ కాబట్టి ఇక్కడి తిథేనమ్మా. అమ్మాయి అక్కడ తానే చేసుకుంటే అక్కడి తిథి.

శ్రీకాకుళం సభ్యురాలు: చోటు మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. ‘శ్రీశైలస్య ఈశాన్యప్రదేశే’ మనకు సరిపోతుంది. ‘కృష్ణాగోదావర్యోర్మధ్యదేశే’ అని కూడా విన్నాను. మనం గోదావరికి ఉత్తరాన ఉన్నాం కదా!

విజయనగరం మాస్టారు: కోనసీమ దాటి ఇవతలికి వచ్చాక ఆ మాట కుదరదు. మన వైపు ‘గంగాగోదావర్యోర్మధ్యదేశే’ అనడం సబబు.

బొబ్బిలి సభ్యుడు: అంత దూరం గంగ దాకా ఎందుకండీ? నాగావళి, వంశధార ఉండగా!

విజయనగరం మాస్టారు: అంటే నాకు అభ్యంతరం లేదు. మీ అర్చకులను ఒప్పించి చూడండి.