యూకేలో కేరర్‌గా ఉన్న నర్సుకు స్టాఫ్ నర్సు ఉద్యోగం: ఏజెంటుకు ఆరు వేల పౌండ్లు కట్టవచ్చా?

లెస్టర్ నుంచి:
అందరికీ నమస్కారం. గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, నాలుగేళ్లు ఐసీయూలో పనిచేసి, పద్నాలుగు నెలల క్రితం కేర్ హోమ్‌లో పనిచేసే కేరర్ వీసా మీద ఇక్కడికి వచ్చాను. ఆరు వేల పౌండ్లు ఇస్తే ఒక పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా, వీసాకు కావలసిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒక ఏజెంటు చెబుతున్నాడు. సగం ముందుగా పంపమంటున్నాడు, ఆఫర్ లెటర్ కూడా పంపాడు. ఇక్కడ నర్సుగా రిజిస్టరైతే నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ ఇచ్చే పిన్ నాకు లేదు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో 6 వచ్చింది, మిగిలిన మూడింటిలో 7 వచ్చాయి. ఏం చేయమంటారు?

బర్మింగ్‌హామ్ నుంచి:
ఆ ఆసుపత్రి పేరు ప్రభుత్వ స్పాన్సర్ల జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే భయపడనక్కర లేదు.

దుబాయ్ నుంచి:
నర్సులు ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి కదమ్మా. నేను కువైట్ ఉద్యోగానికి ప్రయత్నించినప్పుడు, ప్రైవేటు ఏజెంటు ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ రాదని తెలిసేసరికి అడ్వాన్సు పోయింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌కు గానీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఓమ్‌క్యాప్‌కు గానీ రాయండి.

లీడ్స్ నుంచి:
దుబాయ్ అన్నగారు చెప్పినది క్లియరెన్స్ తప్పనిసరైన 18 దేశాలకు వర్తిస్తుంది. గల్ఫ్ దేశాలు ఆ జాబితాలో ఉన్నాయి, యూకే లేదు. పైగా చెల్లెమ్మ ఇప్పటికే ఇక్కడ ఉంది.

జాబితాలో పేరు ఉండటం మంచిదే కానీ, ఆ లెటర్ ఆసుపత్రే పంపిందని అది రుజువు చేయదు, ఎందుకంటే మోసగాళ్లు జాబితాలోని పేర్లనే ఎంచుకుంటారు. చెల్లెమ్మా, ఆ లెటర్‌లో రిజిస్ట్రేషన్ గురించి ఏం రాశారో ఒకసారి చూడు. పిన్ లేని నర్సును ఆసుపత్రి తీసుకుంటే, చేరిన మూడు నెలల్లోగా ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష మొదటిసారి రాయాలని, ఎనిమిది నెలల్లోగా రిజిస్ట్రేషన్ రావాలని నిబంధన ఉంది. ఆ ప్రస్తావనే లేకుండా మొదటి రోజు నుంచే స్టాఫ్ నర్సు అని రాసి ఉంటే, రాసినవారికి నర్సింగ్ నియామకం గురించి ఏమీ తెలియదన్నమాట. లెటర్‌లోని నంబరుకు కాకుండా, ఆసుపత్రి వెబ్‌సైట్‌లో ఉన్న స్విచ్‌బోర్డు నంబరుకు ఫోన్ చేసి రిక్రూట్‌మెంట్ విభాగాన్ని అడుగు.

ఇక డబ్బు సంగతి. ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర ఏజెన్సీ డబ్బు తీసుకోవడాన్ని ఇక్కడ 1973 నాటి చట్టమే నిషేధించింది. సర్టిఫికెట్ రుసుము ఆసుపత్రి కట్టుకోవలసినది, దాన్ని ఉద్యోగి నుంచి రాబట్టకూడదని 2024 డిసెంబరు 31 నుంచి నియమం కూడా పెట్టారు.

రైటింగ్‌లో కావలసింది 6.5, నీకు అర మార్కు మాత్రమే తగ్గింది. పన్నెండు నెలల్లోపు మళ్లీ రాసి రెండు ఫలితాలను కలిపి చూపించవచ్చు. లేదా ఇక్కడి ఆరోగ్య, సంరక్షణ రంగంలో ఏడాది పనిచేసినవారి ఇంగ్లీషు గురించి యజమాని సాక్ష్యం ఇచ్చే పద్ధతి ఉంది. కానీ సంతకం చేసే మేనేజరు ఎన్‌ఎంసీ రిజిస్టర్‌లో ఉన్నవారై ఉండాలి.

కాలేజీ పూర్వ విద్యార్థుల గ్రూపులో చాలామంది "ఖాళీలున్నాయా" అని అడిగి, ఎవరో ఇచ్చిన నంబరుతో వెనుదిరుగుతారు. "మీ ట్రస్టులో హెల్త్‌కేర్ అసిస్టెంట్లుగా ఉన్న మన నర్సులను ఆస్కీకి తయారు చేస్తున్నారా, ఆ పని చూసే ఎడ్యుకేటర్ ఎవరు" అని అడిగి చూడు. నా వార్డులో ఉన్న మన అమ్మాయి ఒకరు అసిస్టెంటుగా చేరి, డ్యూటీ అయ్యాక స్కిల్స్ రూములో బొమ్మ మీద డ్రెస్సింగ్ మార్చడం పదేపదే సాధన చేసి, పోయిన ఏడాది పిన్ తెచ్చుకుంది. ఏ సీనియరైనా ఏజెంటు నంబరు ఇస్తే, ఆ ఆసుపత్రిలో మీరు పనిచేస్తున్నారా అని సూటిగా అడగాలి. రెఫరల్ డబ్బు కోసం నంబర్లు పంచేవాళ్లు మన గ్రూపుల్లోనూ ఉన్నారని చెప్పడానికి నాకు బాధగా ఉంది.

లెస్టర్ నుంచి:
అక్కా, ఫోన్ చేశాను. ఆ పేరుతో తమ రిక్రూట్‌మెంట్‌లో ఎవరూ లేరని, అలాంటి లెటర్ తాము ఇవ్వలేదని చెప్పారు. లెటర్‌లో ఆస్కీ మాటే లేదు. మా కేర్ హోమ్ మేనేజరు నర్సు కాదు కాబట్టి, రైటింగ్ మళ్లీ రాయడానికి తేదీ తీసుకున్నాను. ఇక్కడికి రావడానికి ఊళ్లో ఏజెంటుకు కట్టిన పన్నెండు లక్షలు తిరిగి వస్తాయా?

బర్మింగ్‌హామ్ నుంచి:
జాబితా విషయంలో నేను తొందరపడ్డాను, క్షమించండి. భారతదేశంలో రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగే గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. రసీదు ఉందా?

లెస్టర్ నుంచి:
రెండు లక్షలకే ఉంది. మిగిలినదంతా నాన్నగారు చేతికి ఇచ్చారు.

లీడ్స్ నుంచి:
ఆయన బ్యాంకులో నుంచి ఎప్పుడెప్పుడు ఎంత తీశారో స్టేట్‌మెంట్ తీయించు, ఏజెంటుతో జరిగిన వాట్సాప్ సంభాషణలు చెరిపేయకు. వస్తుందో రాదో నేను చెప్పలేను. మా బంధువుల ఫిర్యాదు మీద పోలీసు స్టేషన్‌లో ఏడాదిగా ఏమీ తేలలేదు.