గుండు ఫోటోలో నెత్తి సహజంగా కనిపించాలంటే ఏం చేయాలి?

అమలాపురంలోని మా ఫోటో స్టూడియోకు ఒక నాటక సమాజం వారు పోస్టరు పని ఇచ్చారు. ఒత్తైన జుట్టున్న నటుణ్ణి, గుండు చేయించుకుని వారమైనవాడిలా చూపాలి. ఫోటోషాప్‌లో జుట్టు తీసేసి, నుదుటి చర్మాన్నే తల మీదికి సాగదీశాను. ఆకారం కుదిరింది కానీ, రబ్బరు టోపీ పెట్టినట్టుంది.

ఎండకు కమిలిన నుదుటికంటే జుట్టు కింది చర్మం లేతగా ఉంటుంది. దాని మీద వెంట్రుకల మొదళ్లు నీలి బూడిద ఛాయ తెస్తాయి. అందుకే మల్టిప్లై లేయరులో ఆ రంగును పలచగా వేసి, నుదుటి దగ్గర గీత పడకుండా అంచును చెదరగొట్టాను. ఇంతవరకు నయమే.

చిక్కంతా ఆ వెంట్రుకల మొదళ్లను చూపే చుక్కల దగ్గరే. నాయిస్‌తో వేస్తే తలంతా ఒకే దట్టంగా, బల్లపరుపుగా కనిపిస్తోంది. తల వంపు తిరిగే చోట, అంటే చెవుల పైన, అవి దగ్గరదగ్గరగా ఉండాలి. వెలుగు పడే నడినెత్తిన పలచబడాలి. దీనికి వార్ప్ వాడాలా, స్కాటర్ పెట్టిన బ్రష్‌తో చేత్తోనే వేయాలా? మెరుపు లేయరు చుక్కల పైన ఉండాలా, కిందనా? ఇలాంటి పని చేసినవారు దయచేసి చెప్పండి. నటుడు మాత్రం నిజంగా గుండు చేయించుకోనని ఖరాకండిగా చెప్పేశారు!