లోడులో వచ్చిన 12 మి.మీ. ఇనుప కడ్డీలను తిప్పి పంపవచ్చా?

నిన్న మా ఇంటి స్లాబు కోసం 12 మిల్లీమీటర్ల టీఎంటీ కడ్డీలు రెండు టన్నులు దిగాయి. పైనున్న తుప్పు నన్ను అంతగా కలవరపెట్టలేదు, ఎందుకంటే వైరు బ్రష్షుతో రుద్దితే గోధుమరంగు పొడి రాలిపోయి, కింద కణుపులు పదునుగానే కనిపించాయి. ఒక్క కట్టలో మాత్రం తుప్పు పెచ్చులుగా ఊడి, గోరుకు తగిలేంత గుంటలు బయటపడ్డాయి కనుక దానిని పక్కన పెట్టించాను.

నా అసలు సందేహం బరువు గురించి. మిగిలిన కట్టల్లోంచి మూడు కడ్డీలు తీసి, ఒక్కొక్కదాని నుండి సరిగ్గా మీటరు ముక్క కోయించి, బ్రష్షుతో శుభ్రం చేసి, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాపై తూచగా 842, 829, 826 గ్రాములు వచ్చాయి. ఉండవలసినది 888 గ్రాములు. ఐఎస్ 1786 ప్రకారం ఈ సైజులో విడి నమూనాకు 6 శాతం వరకు తరుగు చెల్లుతుంది, అంటే దాదాపు 835 గ్రాములు. రెండు ముక్కలు అంతకంటే తక్కువే. కణుపుల వల్ల వెర్నియర్ కొలతను నేను నమ్మలేదు.

పైగా కొన్ని కడ్డీలపై 500డి అన్న గ్రేడు, కంపెనీ పేరు ఉన్నాయి గానీ ఐఎస్‌ఐ గుర్తు కనిపించలేదు. సర్టిఫికెట్టులోని హీట్ నంబరు కట్టల ట్యాగుతో కలవలేదు. కాటా బరువుకే డబ్బు తీసుకున్నాను కాబట్టి నష్టం లేదని డీలరు అంటున్నారు.

మూడు ముక్కల ఆధారంగా మొత్తం లోడును తిరస్కరించడం సబబేనా, లేక మరిన్ని నమూనాలు తూచి, ల్యాబులో లాగుడు పరీక్ష చేయించాకే తేల్చాలా? సైట్లలో పనిచేసిన ఇంజనీర్లు దయచేసి చెప్పగలరు.