US10Y తో పాటు QQQ కూడా పెరిగింది.. చార్ట్ తప్పా, నా బుర్ర తప్పా?

కూకట్‌పల్లి_కుర్రాడు
జీతంతో పాటు అమెరికా షేర్లు వస్తాయి కాబట్టి నాకీ తలనొప్పి. అమెరికా పదేళ్ల ప్రభుత్వ బాండ్ యీల్డ్ చూపే US10Yనీ, నాస్‌డాక్‌లోని వంద పెద్ద కంపెనీల ఫండ్ QQQనీ ఒకే చార్ట్‌లో వేశాను. 2022లో అచ్చం కత్తెరే: 1.5 దగ్గరున్న యీల్డ్ అక్టోబరుకల్లా 4.2కి చేరింది, QQQ ఆ ఏడాదిలో మూడోవంతు పోయింది. కానీ 2023 ఏప్రిల్ నుంచి జులై దాకా రెండూ కలిసి ఎక్కాయి. మరి యీల్డ్ పెరిగితే గ్రోత్ షేర్లు పడతాయన్న మాట ఎప్పుడు నమ్మాలి? ఇంకోటి, మొన్న యాప్‌లో US10Y పక్కన +2% చూసి గుండె గుభేల్‌మంది. ఒక్క రోజులో అంతా?

బెజవాడ_బుల్
ఇందులో ఆలోచించేదేముంది బ్రో. యీల్డ్ పైకి, నాస్‌డాక్ కిందికి. ఒక్క రోజులో 2% అంటే మామూలు విషయమా? నేను సగం అమ్మేశా.

ట్రెజరీ_తాతయ్య
అమ్మేశారా! బాబూ, అది 4.20 నుంచి 4.28కి వెళ్లింది. 4.20లో 2 శాతం ఎంతో వేలు పెట్టి లెక్కేసుకోండి. 8 బేసిస్ పాయింట్లు, అంటే ఒక శాతంలో వందో వంతులు ఎనిమిది. పద్దెనిమిదేళ్లు బ్యాంకు డీలింగ్ రూమ్‌లో కూర్చున్నవాణ్ణి, 8 పాయింట్లకి మేం టీ కూడా ఆపలేదు.

బెజవాడ_బుల్
యాప్ 2% అంటే 2 శాతమే. యాప్ వాడికి లెక్కలు రావా?

ట్రెజరీ_తాతయ్య
వాడికి వచ్చు, మీరే తప్పు చదివారు. శాతం స్కేల్‌లో 1.5 నుంచి 3కి వెళ్తే +100, 3 నుంచి 4.5కి వెళ్తే +50 చూపిస్తుంది. రెండూ 150 పాయింట్లే. యీల్డ్ చార్ట్‌కి మామూలు స్కేల్, షేర్ చార్ట్‌కి లాగ్ స్కేల్ పెట్టుకోండి.

సగం_లెక్కల_మాస్టారు
తాతయ్యగారూ, మీదీ పూర్తిగా రైట్ కాదు. గడువే లేకుండా వడ్డీ ఇస్తూ పోయే బాండ్ అయితే యీల్డ్ రెట్టింపైతే ధర సగమవుతుంది. అక్కడ నిష్పత్తికే అర్థం.

ట్రెజరీ_తాతయ్య
ఇక్కడ చార్ట్ పదేళ్ల బాండ్‌ది మాస్టారూ. ఇవి పరీక్ష పేపర్‌లో రాసుకోండి.

ఎస్ఐపి_సుజాత
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. 2022లో వడ్డీ పెరుగుతోంది కదా, మంచిదేనని ప్రభుత్వ బాండ్లు కొనే గిల్ట్ ఫండ్‌లో పెట్టాను. NAV ఏకంగా దిగిపోయింది. పెట్టించిన ఏజెంట్ ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

డల్లాస్_మామ
సుజాతగారూ, మీ ఫండ్‌లో ఉన్నవి తక్కువ వడ్డీ ఇచ్చే పాత బాండ్లు. కొత్తవి ఎక్కువ ఇస్తుంటే పాతవాటిని పాత ధరకి ఎవరు కొంటారు? గ్రోత్ షేరుదీ ఇంచుమించు అదే కథ.

కుర్రాడు అడిగింది అందరూ వదిలేశారు. ఇరవయ్యేళ్ల తర్వాత చేతికొచ్చే 100 రూపాయలకి, 7 శాతం రాబడి కావాలనుకుంటే ఇవాళ 25.8 ఇస్తాం. యీల్డ్ పెరిగి 8 శాతం కావాలనిపిస్తే 21.5. ఒక్క శాతానికి ఆరోవంతు ఎగిరిపోయింది. అదే 100 మూడేళ్లలో వస్తుందంటే 81.6 నుంచి 79.4, అంతే. లాభాలన్నీ ఎప్పుడో ముందున్న కంపెనీకి దెబ్బ అందుకే గట్టిగా తగులుతుంది. ఇప్పటికే డబ్బు పిండుకుంటున్న పెద్ద కంపెనీకి కొంత తక్కువ. QQQలో రెండో రకమే ఎక్కువ.

2023లో మారింది లెక్కలో రెండో వైపు. మే నెలాఖరులో ఎన్విడియా తన రాబోయే అమ్మకాల అంచనా చెప్పగానే ఆ 100 కాస్తా 130 అనుకున్నారు జనం. అప్పుడు యీల్డ్ కొంచెం పెరిగినా ధర ఆగలేదు. జులై మధ్య నుంచి అక్టోబరు దాకా యీల్డ్ 5 దాకా ఎగబాకినప్పుడు QQQ మళ్లీ పది శాతం పైనే జారింది. నవంబరులో యీల్డ్ దిగితే ఇది లేచింది. ఏడాది మొదటి, చివరి అంకెలే చూస్తే US10Y కదలనట్టే ఉంటుంది.

సగం_లెక్కల_మాస్టారు
DFII10 కూడా పక్కన పెట్టుకో తమ్ముడూ. ద్రవ్యోల్బణం భయంతో పెరిగిన యీల్డ్ వేరు, అది తీసేశాక మిగిలే అసలు యీల్డ్ వేరు; DFII10 చూపించేది ఆ రెండోదాన్నే. 2021 చివర అది సున్నాకి ఒక శాతం కింద ఉండేది, 2022 అక్టోబరుకి ఒకటిన్నర దాటింది. 2022 దెబ్బంతా అందులోనే ఉంది.

బెజవాడ_బుల్
అంతా ఉందంటే ఒప్పుకోను. కోవిడ్‌లో విపరీతంగా పెరిగినవే 2022లో ముందు పడ్డాయి. యీల్డ్ ఒక సాకు.

డల్లాస్_మామ
ఈ ఒక్కదాంట్లో బుల్‌తో నేనూ సగం ఒప్పుకుంటా. ఏది ఎంత అని విడదీసి చెప్పడం నావల్ల కాదు.

ట్రెజరీ_తాతయ్య
ఇంతకీ ఆ 2 శాతం సంగతి ఒప్పుకున్నారా లేదా?

కూకట్‌పల్లి_కుర్రాడు
మామా, థాంక్స్. DFII10 వేశా. వచ్చే నెల ఇంకో విడత షేర్లు వస్తున్నాయి, రాగానే అమ్మేయాలా ఉంచుకోవాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఎస్ఐపి_సుజాత
ముందు టాక్స్ సంగతి చూసుకోండి. మా వారికి దాంతోనే ఒక నోటీసు వచ్చింది...